అతిథిని స్టూడియోకు రప్పించడమా, ఉన్నచోటే రికార్డు చేయడమా: ఏది మేలు?

సంస్థ తరఫున పాడ్‌కాస్ట్ నడుపుతున్నవారు బయటి నిపుణుణ్ని పిలవవలసి వచ్చినప్పుడల్లా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆహ్వానపత్రంలో చర్చించే విషయాలు, తేదీలు, రికార్డింగ్ పద్ధతి అన్నీ రాయాలి. అయితే పద్ధతి ఒక్కటి తేలితే మిగిలిన రెండూ చాలావరకు దాని వెంటే తేలిపోతాయి. మాట గాలిలో పోకుండా ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లో కార్యాలయమున్న రొయ్యల మేత కంపెనీ ఒకటి, భీమవరం పరిసరాల్లో వనామీ రొయ్యల రైతులకు సలహాలిచ్చే వ్యాధుల నిపుణుణ్ని పిలుస్తోంది. చర్చించవలసింది రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే జబ్బు గురించి. ఎపిసోడ్ నిడివి సుమారు 45 నిమిషాలు.

స్టూడియోకు ఉన్న మేళ్లు అందరికీ తెలిసినవే. ప్రతిధ్వని లేని గది, మంచి మైకులు, స్థాయిలు చూసుకునే సాంకేతిక సిబ్బంది ఉంటారు. ఎదురెదురుగా కూర్చున్నందువల్ల సంభాషణ సహజంగా సాగుతుంది. కానీ ఈ ఉదాహరణలో అతిథి ముప్పావు గంట మాట్లాడడానికి ఒక రాత్రి రైలులో రావాలి, మరో రాత్రి రైలులో వెళ్లాలి. పంట చెరువులో ఉండగా ఆయన ఊరు కదలడం కష్టం. పంట లేని రోజుల్లో వచ్చినా అప్పటికి ఆ సీజన్ వ్యాధి గురించి రైతుకు చెప్పవలసిన సమయం దాటిపోతుంది. ఇలాంటి ఆహ్వానాలకు తిరస్కారం రాదు, ‘చూద్దామండీ’ అనే జవాబు వస్తుంది, అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఉన్నచోటే రికార్డు చేయడంలో రెండు రకాలున్నాయి, వాటిని ఒకటిగా చూడడం వల్లనే ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది. మొదటిది జూమ్ వంటి కాల్‌ను అలాగే రికార్డు చేయడం. ఇందులో నెట్‌వర్క్ దాటి మన దాకా వచ్చిన శబ్దమే ఫైల్‌లో ఉంటుంది, దారిలో తెగిపోయినది తెగినట్టే మిగులుతుంది. ఒక్కొక్కరి గొంతును వేరే ఫైల్‌గా దాచే సెట్టింగ్ జూమ్‌లో ఉన్నప్పటికీ, మన కంప్యూటర్‌లో దాచిన అతిథి గొంతు నెట్‌వర్క్ దాటి వచ్చినదే. రెండవది రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ వంటివి అనుసరించే పద్ధతి. ఎవరి గొంతు వారి కంప్యూటర్‌లోనే రికార్డయి, ఆ ఫైల్ తరవాత సర్వర్‌కు చేరుతుంది. మాట్లాడుతున్నప్పుడు మనకు గొంతు తెగినట్టు వినిపించినా ఫైల్‌లో అది నిండుగానే ఉంటుంది. కాబట్టి మాట అర్థమైనంతవరకు అతిథిని ఆపి మళ్లీ చెప్పించనక్కరలేదు.

నా దృష్టిలో ఈ రెండో రకం వైపు మొగ్గు చూపవలసిన కారణం ధ్వని నాణ్యత కన్నా మన మాటతీరులో ఉంది. తెలుగులో ఎదుటివారు చెబుతున్నంతసేపూ ఊ కొడుతూనే ఉంటాం; ‘ఆఁ’, ‘అవునండీ’, ‘నిజమే’ అనకుండా మౌనంగా వింటే చెప్పేవారు అనుమానపడి ఆగిపోతారు. స్పీకర్లు పెట్టుకుని మామూలు కాల్‌లో ఇలా మాట్లాడితే, ప్రతిధ్వనిని అణచే సాఫ్ట్‌వేర్ అతిథి మైకులోకి చేరిన మన ‘ఊ’ను తొలగించబోయి అదే క్షణంలో ఆయన పలికిన అక్షరాలను కూడా మింగేస్తుంది. ‘పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో రొయ్య పిల్ల వదలవద్దు’ అన్న వాక్యంలో చివరి ‘వద్దు’ మాయమైతే అర్థమే తలకిందులవుతుంది. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి గొంతు వారి దగ్గరే రికార్డయితే, మన ‘ఊ’లు మన ఫైల్‌లోనే ఉంటాయి. ఎడిటింగ్‌లో అవసరమైనవి ఉంచి మిగిలినవి తీసేయవచ్చు, అతిథి వాక్యానికి గీత కూడా పడదు. ఒక్క మైకులోకి రెండు గొంతులూ పడుతుంటే స్టూడియోలో సైతం ఈ వెసులుబాటు ఉండదు.

ఈ పద్ధతి చెడిపోయే చోట్లు కూడా తెలిసినవే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లోని మైకు వాడితే గొంతు ఫోన్‌లో విన్నట్టు సన్నబడుతుంది, అందుకే తీగ ఉన్నది పెట్టుకోమని ముందే రాయాలి. ఫ్యాన్ హోరును ఎడిటింగ్‌లో చాలావరకు తగ్గించవచ్చు గానీ ఖాళీ హాలులోని ప్రతిధ్వనిని గొంతు సహజత్వం చెడకుండా తీయడం కష్టం. బీరువా, పరుపు, కర్టెన్లు ఉన్న పడకగది హేచరీ ఆఫీసు కన్నా ఎంతో మేలు. చెరువు గట్టు మీద నీటిని చిలికే ఏరియేటర్ల పక్కన కూర్చుంటానంటే మాత్రం సున్నితంగా వారించాలి. ఇక మాట ముగిశాక ఫైల్ పూర్తిగా చేరేవరకు బ్రౌజర్ మూయకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల ఒంటి ఛానెల్ వేవ్ ఫైల్ గంటకు 500 మెగాబైట్లు దాటుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో అది చేరడానికి పావుగంట దాకా పట్టవచ్చు. మాట్లాడుతుండగానే కొంత చేరుతుంటుంది కనుక చివరలో అంత నిరీక్షణ ఉండకపోవచ్చు, అయినా ‘అప్‌లోడ్ పూర్తయింది’ అని తెర మీద చూశాకే వీడ్కోలు చెప్పాలి.

అతిథి తన ఫోన్‌లోని రికార్డర్‌తో రికార్డు చేసి పంపడం మూడో మార్గం. పని జరుగుతుంది గానీ, గంటసేపట్లో రెండు పరికరాల గడియారాల మధ్య స్వల్ప తేడా పెరిగి చివరికి ప్రశ్న, జవాబు ఒకదాని మీదికి ఒకటి జరగవచ్చు. మొదట్లోనూ చివర్లోనూ ఒకసారి చప్పట్లు కొట్టించుకుంటే సరిచేసుకోవచ్చు.

విషయాల దగ్గరికి వస్తే, పూర్తి ప్రశ్నావళి పంపడమా, శీర్షిక మాత్రమే పంపడమా అన్న సందేహం. ప్రశ్నావళి అందుకున్న శ్రద్ధగల అతిథి జవాబులు రాసుకుని చదువుతారు, వాక్యాలు పుస్తకభాషలోకి మారడమే దానికి గుర్తు. ‘ఆక్వా రంగం భవిష్యత్తు’ అని మాత్రమే రాస్తే అందరూ అనే మాటలే వస్తాయి. మధ్యేమార్గంగా మూడు అంశాలు, వాటితోపాటు మొదటి ప్రశ్న ఒక్కటి పంపడం నాకు నచ్చిన పద్ధతి. మన ఉదాహరణలో అవి ఇలా ఉండవచ్చు: రొయ్య ఎదగకపోవడానికి మేత లోపమో ఈహెచ్‌పీనో రైతు ఎలా అనుమానించాలి, పిల్ల కొనేముందు ఏ పరీక్ష ఎక్కడ చేయించాలి, మందుతో నయం కాని ఈ జబ్బు వచ్చిన చెరువును తరవాతి పంటకు ఎలా సిద్ధం చేయాలి. పిలుస్తున్నది మేత కంపెనీ కాబట్టి, తమ ఉత్పత్తి పేరు ఆయన నోట చెప్పించబోమని అదే పేరాలో రాయడం తప్పనిసరి. అతిథి ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉద్యోగి అయితే ఆ వాక్యం లేనిదే పై అధికారికి లేఖను చూపలేరు.

సమయం విషయంలో ‘మీకు వీలైనప్పుడు’ అనడం మర్యాదగా కనిపించినా భారమంతా ఆయన మీద వేస్తుంది. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికన్నా తగ్గుతుంది కనుక చెరువుల నుంచి ఫోన్లు ఎక్కువగా ఉదయమే వస్తాయి. అందుకే మధ్యాహ్నం తరవాతి సమయాలు రెండు మనమే సూచించాలి. లేఖలో ఆ భాగం ఇలా ఉండవచ్చు:

‘రికార్డింగ్‌కు మీరు ప్రయాణం చేయనక్కరలేదు. మంగళవారం లేదా గురువారం మధ్యాహ్నం 3 గంటల నుంచి 4.30 వరకు మీకు వీలుంటుందా? ముందురోజు 10 నిమిషాలు మైకు, గది సరిచూసుకుందాం. ప్రచురణకు ముందు ఎడిట్ చేసిన ఆడియో మీకు పంపుతాం. ఏదైనా భాగం తీసేయమని మీరు 3 రోజుల్లోగా చెబితే తీసేస్తాం. రెండు రోజులూ వీలుకాకపోతే మరో రోజు సూచించగలరు.’

సూక్ష్మదర్శిని కింద నమూనా చూపించాలన్నా, ఇద్దరు నిపుణుల మధ్య వాదన నడపాలన్నా ఎదురెదురుగా కూర్చోవడమే మంచిది. అప్పుడు కూడా అతిథిని హైదరాబాద్‌కు రప్పించే ఖర్చుతో, కాలర్ మైకులు, చిన్న రికార్డర్ పట్టుకుని మనమే భీమవరం వెళ్లడం మేలని నా అభిప్రాయం.