యాభై రూపాయల విరాళాలకు వాట్సాప్ చానల్, యూపీఐ ఆటోపే: చాలాకాలం వాడాక నా సమీక్ష

రెడ్‌హిల్స్, లక్డీకాపూల్ ప్రాంతంలోని ఆసుపత్రులకు జిల్లాల నుంచి రోగుల వెంట వచ్చి, రోజుల తరబడి అక్కడే ఉండిపోయేవారికి రాత్రి భోజనం పెట్టే చిన్న ట్రస్టు మాది. నగరంలో ఐదు రూపాయల భోజనం ప్రధానంగా మధ్యాహ్నం దొరుకుతుంది. రాత్రికి ఆ ఆసరా లేదు. మా ఖర్చంతా యాభై, వంద ఇచ్చే మామూలు మనుషుల మీదే నడుస్తోంది. వారిని చేరుకోవడానికి వాట్సాప్ చానల్, నెలనెలా విరాళం అందుకోవడానికి యూపీఐ ఆటోపే వాడుతున్నాం. చానళ్లు 2023 సెప్టెంబరులో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. చిన్న మొత్తాలకు ఇంతకంటే నికరమైన దారి నాకు కనిపించలేదు. అయితే దీన్ని నడపడంలో కొన్ని మెలకువలు ఉన్నాయి. అవి తెలియకపోతే చానల్ ఉన్నా డబ్బు రాదు.

ఇన్‌స్టాగ్రామ్‌ను మేము వదల్లేదు. వడ్డించడానికి వచ్చే కుర్రవాళ్లు అక్కడి నుంచే దొరుకుతారు. కానీ రీల్ చూసేవారిలో ఎక్కువమంది మనల్ని ఎరగనివారు. మెచ్చుకుని ముందుకు వెళ్లిపోతారు. పైగా పోస్టు కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు, ప్రొఫైలులోకి వెళ్లి వెతుక్కోవాలి. యాభై రూపాయలు ఇవ్వాలనుకున్న మనిషికి అంత ఓపిక ఉండదు.

చానల్‌లో మాకు బాగా పనిచేసింది హద్దు ఉన్న అభ్యర్థన. ‘అన్నదానానికి సహకరించండి’ అని రాస్తే పది మంది కూడా కదలరు. మేము రాసేది ఇలా ఉంటుంది: ‘ఈ వారానికి 26 కిలోల సోనా మసూరి సంచి ఒకటి కావాలి. ధర 1,500 రూపాయలు. ముప్ఫై మంది యాభై చొప్పున ఇస్తే సరిపోతుంది.’ మనిషికి 130 గ్రాముల బియ్యం చొప్పున ఆ సంచి రెండు వందల మందికి వస్తుంది. ఆ లెక్క కూడా కిందే రాస్తాం. (26 కిలోలేమిటని కొత్తవారు అడుగుతారు. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక వ్యాపారులు 26 కిలోల సంచులు తెచ్చారు.) ముప్ఫై మందిలో తానొకరినని తెలిసినప్పుడు యాభై రూపాయలు ఇచ్చేవారికి అది చిన్న మొత్తమని అనిపించదు.

అంతకన్నా ముఖ్యమైనది తర్వాత వచ్చే రెండు సందేశాలు. సంఖ్య నిండగానే ‘ముప్ఫై మందీ పూర్తయ్యారు. ఇక ఈ సంచికి పంపవద్దు. ఇప్పటికే పంపినవి వచ్చే వారం సంచికి జమ చేస్తాం’ అని పెడతాం. సరుకు రాగానే దుకాణం బిల్లు, విప్పని సంచి ఫోటో పెడతాం. తింటున్నవారి ముఖాలు పెట్టం. కష్టంలో ఉన్న మనిషి ఫోటో విరాళాల కోసం వాడుకోవడం నాకు సమ్మతం కాదు. బిల్లు ఫోటోకు వచ్చే స్పందన కూడా ఏమీ తక్కువ కాదు. ‘వద్దు, చాలు’ అన్న సందేశం పెట్టిన వారాల తర్వాత తదుపరి అభ్యర్థన త్వరగా నిండుతుంది. అడిగిన దానికంటే ఎక్కువ తీసుకోరన్న నమ్మకం కుదిరితే జనం మళ్లీ ఇస్తారు.

ఇలా రెండు మూడుసార్లు ఇచ్చినవారినే నెలవారీ ఆటోపేకు రమ్మంటాం, కొత్తవారిని అడగం. ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటి ఉంది. నిబంధనల ప్రకారం డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు దాతకు సమాచారం వెళ్లాలి. రేపు మీ ఖాతా నుంచి ఇంత పోతుందని ఫోనుకు సందేశం వస్తుంది. విరాళాలు ఎక్కువగా రద్దయ్యేది ఆ రోజే. యూపీఐ యాప్‌లోకి వెళ్లి రద్దు చేస్తే చాలు, ఒప్పందం ఆగిపోతుంది. అది దాత హక్కు, దానికి అడ్డుపడే ఉపాయాలు వెతకకూడదు. మేము చేసేదల్లా ఆ సందేశం వెళ్లే ఉదయమే, దానికి ముందే, గత నెల లెక్క చానల్‌లో పెట్టడం. ఎన్ని సంచులు కొన్నాం, గ్యాసుకు ఎంతయింది, చేతిలో ఎంత మిగిలింది, ఇంతే.

కోత తేదీ కూడా చూసుకోవాలి. నెల మొదటి రోజున జీతం ఇంకా పడదు, పడినవారికి వాయిదాల కోతలు ముందుంటాయి. మేము ఏడో తేదీకి మార్చుకున్నాక ఖాతాలో డబ్బు లేక ఆగేవి బాగా తగ్గాయి. ఆగిన ప్రతి దానికీ, చెల్లింపులు మాకు అందించే గేట్‌వే సంస్థ కారణం చూపిస్తుంది. బ్యాలెన్సు చాలక ఆగిందా, దాతే రద్దు చేశారా అన్నది అక్కడ విడిగా కనిపిస్తుంది. మొదటి రకం వారికి మర్యాదగా ఒక సందేశం పంపుతాం, రెండో రకం వారికి ధన్యవాదాలు చెప్పి వదిలేస్తాం. గేట్‌వే రుసుము శాతమా, లావాదేవీకి ఇంత అనా అన్నది ముందే అడగాలి. ఒక్కో కోతకు మూడు రూపాయలు అంటే యాభైలో ఆరు శాతం పోయినట్టే. అందుకే ఆటోపే వంద నుంచి మొదలుపెట్టాం.

ఇంకో ఇబ్బంది పేరుతో వస్తుంది. యూపీఐ తెర మీద కనిపించేది బ్యాంకులో నమోదైన పేరు. మా ట్రస్టు రిజిస్టరైన పేరు వేరు, జనం పిలిచే పేరు వేరు. ఉప్పల్ నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసి, ‘అమ్మా, రేపు నా ఖాతాలోంచి వంద రూపాయలు పోతాయట. ఈ పేరు ఎవరిదో నాకు తెలియదు. మోసం కాదు కదా?’ అని అడిగారు. ‘మేమేనండీ పిన్నిగారూ, బ్యాంకులో ఆ పేరే ఉంది’ అని చెప్పాను. ఆవిడ అడిగారు కాబట్టి తెలిసింది, అడగకుండా మానేసినవారు ఎందరో. ఇప్పుడు చానల్ వివరణలో మొదటి వాక్యమే ఆ పేరు.

క్యూఆర్ కోడ్ గోడ మీద బాగుంటుంది, వాట్సాప్‌లో కాదు. కోడ్ ఉన్న ఫోనే దాన్ని స్కాన్ చేయలేదు. గ్యాలరీలో దాచుకుని మళ్లీ యాప్‌లో తెరవాలి. దానికి బదులు చెల్లింపు పేజీ లింకు ఇవ్వండి, కింద యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా రాయండి.

పేజీ వల్ల ఇంకో లాభం ఉంది. అక్కడ పేరు, చిరునామా తీసుకోవచ్చు. దాత పేరు, చిరునామా నమోదు లేని విరాళాలను చట్టం అనామక విరాళాలుగా చూస్తుంది. అవి పరిమితి దాటితే ఆ పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. గోడ మీది కోడ్‌కు వచ్చిన చిల్లర మొత్తాలు ఇలా పోగుపడతాయి. పాన్ మాత్రం పన్ను రాయితీ రసీదు కోరినవారినే అడుగుతాం. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ రాయితీ ఎటూ వర్తించదు, అందరినీ అడిగితే సగం మంది పేజీ మూసేస్తారు.

మన ఊళ్లో అమెరికాలో పిల్లలు లేని వీధి అరుదు, కాబట్టి పౌరసత్వం ప్రశ్న కూడా పేజీలో ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు లేని మాలాంటి సంస్థ దాన్ని తీసుకోకూడదు.

చానల్‌లో నాకు నచ్చనివి రెండు. అనుసరించేవారి నంబర్లు మనకు కనిపించవు, కాబట్టి ఎవరు దాతో, ఎవరు చూసి ఊరుకుంటున్నారో తెలియదు. నోటిఫికేషన్లు మొదట మౌనంగానే ఉంటాయి, గంట గుర్తు నొక్కమని ప్రతి దాతకూ విడిగా చెప్పాలి. ప్రశ్నలకు వేరే నంబరు పెట్టి, సాయంత్రంలోగా జవాబిచ్చే మనిషి ఒకరు, లెక్క రాసే మనిషి ఒకరు ఉంటేనే ఇది నడుస్తుంది. ఆ ఇద్దరూ దొరికే వరకు ఆటోపే మొదలుపెట్టకుండా వారానికో సంచి అడుగుతూ ఉండటమే మేలు.