పనోరమా ముక్కలు: ఫోన్ యాప్‌లోనా, కంప్యూటర్‌లోనా?

కళింగపట్నం తీరాన తీసిన నా పనోరమా 10000×2400 పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో పక్కకు జరుపుతూ చూసే పోస్టుగా పెట్టాలని దాన్ని ముక్కలు చేస్తున్నాను, ఒక్కో ముక్క 1080×1350 ఉండాలి. ఎత్తును 1350కి తగ్గిస్తే వెడల్పు 5625 అయింది: ఐదు ముక్కలు పోగా 225 పిక్సెళ్ల పీలిక మిగులుతుంది. దాన్ని ముందే తీసేయాలి.

ఫోన్ యాప్: కోత ఎక్కడ పడుతుందో కళ్లెదుటే కనిపిస్తుంది, రెండు నిమిషాల పని. కొన్ని ఉచిత యాప్‌లు మాత్రం బొమ్మను కుదించేస్తాయి. అందుకే ముక్క కొలత తప్పక చూడండి. వెడల్పు 1080 కంటే తక్కువుంటే అలలు మసకబారతాయి.

కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్: ఉచితం, కొలత కచ్చితం.

```
magick pano.jpg -resize x1350 -crop 5400x1350+0+0 +repage -crop 1080x1350 +repage t_%d.jpg
```

ఇక్కడ కోత కనిపించదు, లెక్కే దిక్కు. కుదించిన బొమ్మలో లైట్‌హౌస్ ఎడమ అంచు నుంచి లెక్కిస్తే 2300, 2400 పిక్సెళ్ల మధ్య ఉంది. మొదట `+200+0` ఇచ్చి ఎడమవైపు 200 వదిలాను. రెండో కోత 2360 దగ్గర పడి స్తంభం నిలువునా చీలింది. చూడగానే ప్రాణం ఉసూరుమంది. `+0+0`తో కోత 2160కి జరిగి, స్తంభం మూడో ముక్కలో నిండుగా నిలిచింది.

ఒకటి రెండు ఫొటోలకు, కోత దగ్గర మనుషులున్నప్పుడు యాప్ చాలు. పైడితల్లి సిరిమానోత్సవంలో తీసిన ఇరవై పనోరమాలు ఒకే కొలతలో కావాలంటే నేను కంప్యూటర్ దగ్గరే కూర్చుంటాను.