జవాబు రాని ఇన్విటేషన్లు: బోర్డు మీటింగుల కోసం గూగుల్ క్యాలెండర్ వాడుతున్న అనుభవం

హనుమకొండలో ఉన్న ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ఆఫీసు పని చూస్తాను. బోర్డు మీటింగులకు డైరెక్టర్లను పిలవడం, ఎంతమంది వస్తున్నారో చూసుకుని మీటింగ్ జరపాలా వాయిదా వేయాలా అన్నది సీఈఓ గారితో తేల్చుకోవడం నా బాధ్యత. ఈ పనికి కొన్నేళ్లుగా గూగుల్ క్యాలెండర్ వాడుతున్నాను. దాని సౌకర్యాలన్నిటి గురించీ రాయను. ఇన్విటేషన్ పంపాక సగం మంది నుంచి జవాబు రానప్పుడు అది ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే రాస్తాను.

ముందు మా లెక్క చెప్పాలి. మాలాంటి కంపెనీలకు కంపెనీల చట్టం 2013లోని 378వి సెక్షన్ వర్తిస్తుంది. బోర్డు మీటింగుకు కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంతకన్నా తక్కువ వ్యవధిలో పిలిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు కావాలి. కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, కనీసం ముగ్గురు. మాకు సీఈఓతో కలిపి పది మంది ఉన్నారు కాబట్టి నలుగురు హాజరైతేనే మీటింగ్ చెల్లుతుంది. నోటీసు, అజెండా మెయిల్‌లో విడిగా పంపుతాను. క్యాలెండర్ ఇన్విటేషన్ జవాబుల కోసం మాత్రమే.

ఇన్విటేషన్ వెళ్లాక ఈవెంట్ తెరిస్తే ఎందరు `yes` అన్నారు, ఎందరు `no`, ఎందరు `maybe`, ఎందరు ఇంకా `awaiting` అన్నది పైన ఒక్క లైనులో కనిపిస్తుంది. నాకు బాగా పనికొచ్చేది ఈ లైనే. కానీ దాన్ని ఉన్నదున్నట్టు నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. అందులో డైరెక్టర్లు, ఆడిటర్, బ్యాంకు అధికారి, పిలిచిన మన అకౌంటు అందరూ కలిసిపోయి ఉంటారు. కోరంలోకి ఎవరు వస్తారో క్యాలెండర్‌కు తెలియదు. పేర్లు చూసి మనమే విడదీసుకోవాలి.

వానాకాలం మొదట్లో జరిగిన ఒక మీటింగ్ చెబుతాను. గురువారం పొద్దున పదకొండుకు పెట్టుకున్నాం. అజెండాలో రెండు విషయాలున్నాయి: మా దుకాణానికి ఎరువుల సరుకు తెప్పించడం, బ్యాంకు అప్పు. మంగళవారం సాయంత్రం ఈవెంట్ తెరిస్తే ఆరు `yes`, ఒకటి `no`, ఒకటి `maybe`, ఐదు `awaiting` ఉన్నాయి. ఆరు `yes`లలో ఒకటి మా ఆఫీసు అకౌంటుది, ఒకటి ఆడిటర్‌ది. అంటే డైరెక్టర్లు నలుగురే. కోరం సరిగ్గా అంచు మీద ఉంది. ఆ నలుగురిలో ఒక్కరి బస్సు తప్పినా మిగతావాళ్లు చాయ్ తాగి ఇంటికి పోవాల్సిందే. అందుకే నేను కోరం కన్నా ఇద్దరు ఎక్కువ ఖాయమైతే గాని మీటింగ్ ఉందని చెప్పను. మాకు ఆ అంకె ఆరు.

`maybe` పెట్టిన డైరెక్టర్ జవాబుతో పాటు ఒక నోట్ రాశారు: ‘బుధవారం వాన పడితే గురువారం పత్తి గింజలు పెట్టిస్త, రాను.’ ఉత్త `maybe` నాకు ఏమీ చెప్పదు. ఈ ఒక్క వాక్యం మాత్రం ఏ రోజు ఏం చూసి నిర్ణయించుకోవాలో చెప్పింది. జవాబు దగ్గర నోట్ రాసే వీలు ఉందని మా డైరెక్టర్లలో చాలామందికి తెలియదు. అందుకని ఇన్విటేషన్ వివరాల్లోనే ‘రాలేకపోతే కారణం రెండు ముక్కలు రాయండి’ అని పెడుతున్నాను.

జవాబు రాని నలుగురు డైరెక్టర్లకు ఫోన్ చేశాను. రైతులు పొలం నుంచి వచ్చేసరికి ఏడవుతుంది కాబట్టి ఆ తర్వాతే చేస్తాను. పరకాల వైపు ఆయన, ‘వస్తున్న తమ్మీ, వాట్సాప్‌ల చెప్పిన గదా’ అన్నారు. ఆయన దృష్టిలో జవాబు ఎప్పుడో ఇచ్చేశారు. నర్సంపేట ఆయన ఫోన్ మార్చారు, కొత్త ఫోన్‌లో పాత మెయిల్ అకౌంటు లేదు. అసలు పిలుపే అందలేదన్నమాట. పైగా గురువారం ఆయనకు కూలోళ్లు వస్తున్నారు. ములుగు ఆయన, ‘క్యాలెండర్‌ల ఏం కనవడ్తలేదన్నా’ అన్నారు. ఇది సెట్టింగ్ సంగతి. `Add invitations to my calendar` దగ్గర `Only if the sender is known` అని ఉంటే, పరిచయం లేని అడ్రసు నుంచి వచ్చిన ఇన్విటేషన్ మెయిల్‌లోనే ఉండిపోతుంది, తేదీ మీద పడదు. మెయిల్ వెతికించి `Yes` నొక్కించాక తేదీ మీదికి వచ్చింది. వర్ధన్నపేట డైరెక్టర్ ఫోన్ వాళ్లబ్బాయి ఎత్తి ‘అమ్మ వస్తది’ అన్నాడు. ఆమెతో మాట్లాడేదాకా నేను దాన్ని లెక్కలో వేయలేదు.

చూశారా, నలుగురిదీ తెర మీద ఒకే `awaiting`. లోపల మాత్రం ఒకరు వస్తామని చెప్పేసినవారు, ఒకరికి పిలుపే అందలేదు, ఒకరికి తేదీ కనబడలేదు, ఒకరి మాట ఇంకా తేలలేదు. జవాబు రాలేదంటే రారని అర్థం కాదు, వస్తారనీ కాదు. ఈవెంట్‌లో కవరు గుర్తు నొక్కి అతిథులకు మెయిల్ పంపవచ్చు గానీ, మెయిలే చూడని మనిషికి ఇంకో మెయిల్ పంపి ఏం లాభం? ఆడిటర్, బ్యాంకు లాంటి వాళ్లకైతే అది పనిచేస్తుంది.

ఇంకొక పరిమితి ఉంది. ఫోన్‌లో ‘వస్తా’ అన్నవారి జవాబును పిలిచినవాళ్లం మార్చలేం, వాళ్లే నొక్కాలి. ఎవరి జవాబు వారిదే అన్న పద్ధతి న్యాయమైనదే. కానీ దానివల్ల తెర మీద అంకె, నా దగ్గరున్న అంకె వేరవుతాయి. అందుకే పక్కన నోటుబుక్కు పెట్టుకుంటాను. ఈవెంట్ వివరాల్లో రాస్తే అందరికీ కనిపిస్తుంది, ‘ఫలానా వారు ఇంకా తేల్చలేదు’ అని పదిమందికీ చూపించడం మర్యాద కాదు.

ఫోన్లయ్యాక లెక్క ఇలా తేలింది: ముందే ఉన్న నలుగురికి పరకాల, ములుగు కలిపి ఆరుగురు. వర్ధన్నపేట ఆమె, `maybe` ఆయన వస్తే లాభమే. కాబట్టి కోరం వరకు వాయిదా అక్కర్లేదు. ఐదో `awaiting` బ్యాంకు అధికారిది. ఆయన డైరెక్టర్ కాదు, కోరంలోకి రారు. కానీ అప్పు షరతులపై డైరెక్టర్లు అడిగే ప్రశ్నలకు ఆయనే సమాధానం చెప్పాలి. ఫోన్ చేస్తే గురువారం వేరే మీటింగ్ ఉందని, మరుసటి మంగళవారమైతే వస్తానని అన్నారు.

మొత్తం మీటింగ్ మంగళవారానికి జరపవచ్చు కదా అని ఆడిటర్ అడిగారు. వద్దన్నాను. మంగళవారానికి పూర్తిగా ఏడు రోజుల వ్యవధి మిగలదు, తక్కువ నోటీసుకు కారణం రాయాలి. అంతకన్నా ముఖ్యంగా, ఇప్పటికే ఒప్పుకున్న ఆరుగురిని మళ్లీ ఒక్కొక్కరిగా అడగాలి. గురువారానికి ఇచ్చిన `Yes`ని మంగళవారానికి లెక్క కట్టకూడదు. తప్పదనుకుంటే పాత ఈవెంట్ తీసేయకుండా దాని తేదీయే మార్చాలి. సేవ్ చేసేటప్పుడు అతిథులకు తెలియజేయాలా అని అడిగితే `Send` నొక్కాలి. ఈవెంట్ తీసేస్తే రద్దయిందన్న మెయిల్ వెళ్తుంది. తర్వాత వచ్చే కొత్త ఇన్విటేషన్‌ను ఆ రద్దు మెయిల్ చూసినవాళ్లు పట్టించుకోరు.

సీఈఓ గారు సరేనన్నారు. విత్తనం పడ్డాక ఎరువు ఆగదు కాబట్టి గురువారం ఎరువుల విషయం తేల్చాం. అప్పు విషయం అదే మీటింగులో వాయిదా వేసి, దానికి వేరే ఈవెంట్ పెట్టాం. ఈసారి బ్యాంకు అధికారి ఏ రోజు ఖాళీయో ముందు ఫోన్‌లో ఖాయం చేసుకుని, ఏడు రోజుల నోటీసు సరిపోయే తేదీ చూసి, ఆ తర్వాతే ఇన్విటేషన్లు పంపాను.