ఉప్పాడ చీర: ట్యాగ్ ఫొటో మేలా, వెనకవైపు ఫొటో మేలా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే విశాఖలో వాట్సాప్ గ్రూపుల నిండా ఉప్పాడ జమ్దానీ ఫొటోలే. మొన్న మా వదినకి రెండు షాపుల నుంచి రెండు వచ్చాయి. ఒకదాంట్లో చీర మడత మీద సిల్క్ మార్క్ ట్యాగ్ స్పష్టంగా కనిపిస్తోంది. ఇంకోదాంట్లో ట్యాగే లేదు గానీ, కొంగు తిరగేసి దగ్గర నుంచి తీశారు. "ఏది నమ్మాలి?" అని అడిగింది.

ముందు ట్యాగ్ సంగతి. సిల్క్ మార్క్ చెప్పేది ఒక్కటే, అది అసలైన పట్టు అని. మగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద వచ్చిందా అన్నది దాని పని కాదు. చేనేత అని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. ఉప్పాడ జమ్దానీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, అది ఊరికీ నేతకీ సంబంధించింది. కాబట్టి ట్యాగ్ కనిపించగానే నిశ్చింతగా ఉండకుండా, అది ఏ మార్కో చదవాలి. పైగా ఫొటోలో ట్యాగ్ చీరకి కుట్టి ఉందో, ఊరికే పైన పెట్టారో తెలియదు.

వెనకవైపు ఫొటోలో నాకు కావలసింది బుటా. జమ్దానీలో ప్రతి బుటాకీ విడిగా చిన్న కండెలు పెట్టి, పడుగు పోగుల మధ్య చేత్తోనే దారం ఎక్కిస్తారు. బుటా అయిపోగానే ఆ దారం అక్కడే ఆగిపోతుంది. అందుకే ముందూ వెనకా డిజైన్ దాదాపు ఒకేలా ఉంటుంది, రెండు బుటాల మధ్య నేల ఖాళీగా ఉంటుంది. మగ్గానికి బిగించిన పరికరంతో డిజైన్ ఎక్కించే జాకార్డ్ పనిలో అయితే దారం ఒక బుటా నుంచి ఇంకో బుటాకి వెనకాల వేలాడుతూ పోతుంది, లేదా కత్తిరించిన కొసలు కుచ్చులా మిగులుతాయి. ఫొటోని పెద్దది చేస్తే చాలు, ఇది కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: దారాలు వేలాడినంత మాత్రాన చేనేత కాదనలేం. చేతిమగ్గానికి కూడా జాకార్డ్ బిగిస్తారు. జమ్దానీ కాదని మాత్రం చెప్పొచ్చు.

జమ్దానీ అని చెప్పి అమ్ముతుంటే నా ఓటు వెనకవైపు ఫొటోకే. పట్టు అసలుదా కాదా అన్నది మాత్రం ఏ ఫొటో చూసీ తేల్చలేం, అక్కడ ట్యాగే గతి.

అందుకని వదిన చేత మొదటి షాపుని బుటాల వెనకవైపు, ట్యాగ్ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా తీయమని అడిగించాను. ఫొటో వచ్చింది, బుటాకీ బుటాకీ మధ్య జరీ దారాలు అడ్డంగా పరుగెడుతున్నాయి. పట్టు మంచిదే కావచ్చు, జమ్దానీ ధర మాత్రం ఇవ్వక్కర్లేదని చెప్పాను. రెండో చీర నేల శుభ్రంగా ఉంది. దానికి సిల్క్ మార్క్ లేబుల్ మీది నంబరు కనిపించేలా ఫొటో పంపమని అడిగింది.