టెక్స్చర్డ్ పీఈఐ ప్లేట్: పీఈటీజీకి మరీ శుభ్రంగా ఉన్నా చిక్కే

నా 3డీ ప్రింటర్ బెడ్ మీద, స్ప్రింగ్ స్టీల్‌కు పౌడర్ కోటింగ్ వేసిన గరుకు పీఈఐ ప్లేట్‌నే చాలా కాలంగా పీఎల్‌ఏ, పీఈటీజీ ఫిలమెంట్లు రెండింటికీ వాడుతున్నాను. పీఎల్‌ఏ వరకు దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. బెడ్ 60 డిగ్రీలు ఉంటే గట్టిగా పట్టుకుంటుంది, చల్లారాక కొంచెం వంచితే ఊడి వచ్చేస్తుంది. పీఈటీజీ దగ్గరే జాగ్రత్త కావాలి. ఒక ప్లేట్ కోటింగ్ అక్కడక్కడ లేచిపోయిందంటే కారణం ఈ ఫిలమెంటే.

ముందు కడగడం గురించి. పీఎల్‌ఏ మూలలు ప్రతిసారీ బెడ్ మీద ఒకే చోట లేస్తుంటే, సాధారణంగా అక్కడ వేలిముద్రల జిడ్డు ఉన్నట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పూర్తిగా పోకపోవచ్చు, కొంత గుడ్డతో పాటు ప్లేటంతా పరుచుకుంటుంది. వేడి బెడ్ మీద పోస్తే తుడిచేలోపే ఆవిరైపోతుంది కూడా. ప్లేట్‌ను తీసి సింక్‌లో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి స్పాంజితో రుద్దడమే సరైన పద్ధతి. చేతులకు మృదుత్వం ఇచ్చే నూనెలు కలిపిన లిక్విడ్ వద్దు, అవే మళ్లీ పొరలా మిగిలిపోతాయి. నురగంతా పోయేదాకా కడిగి, అంచులు మాత్రమే పట్టుకుని, వెంటనే పొడిగా తుడవాలి. కోటింగ్ చెదిరిన అంచుల్లో తడి నిలిస్తే స్టీల్ తుప్పు పడుతుంది. స్టీల్ పీచు, ఇసుక కాగితం, అసిటోన్ ఈ ప్లేట్ దగ్గరకు రానివ్వకండి. అసిటోన్ వల్ల పీఈఐలో కంటికి కనిపించనంత సన్నని పగుళ్లు వస్తాయి.

పీఈటీజీకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. కరిగిన పీఈటీజీ పీఈఐకి చాలా బలంగా అతుక్కుంటుంది. నునుపు పీఈఐ షీట్ మీదైతే ఇది ఇంకా ప్రమాదం. గరుకు ప్లేట్ మీద ఎత్తుపల్లాల వల్ల ఫస్ట్ లేయర్ అంతటా ఆనదు కాబట్టి చిన్న వస్తువులు మామూలుగానే ఊడతాయి. కానీ నాజిల్ ఎక్కువ కిందికి దిగి ఉంటే ప్లాస్టిక్ ఆ గుంటల్లోకి కుక్కుకుపోయి గట్టిపడుతుంది. అప్పుడే కడిగిన ప్లేట్ అయితే మధ్యలో అడ్డుగా ఏ పొరా ఉండదు. ఆ స్థితిలో బలంగా లాగితే తెగేది ప్రింట్ కాదు, స్టీల్‌కూ కోటింగ్‌కూ మధ్య ఉన్న పట్టు.

నా దగ్గర ప్లేట్‌ను దెబ్బతీసిన ప్రింట్ దాదాపు 20 సెంటీమీటర్ల పొడవున్న బల్లపరుపు ట్రే. బెడ్ 75 డిగ్రీలు. అది 30కి దిగేసరికి ఆ పొడవు మీద పీఈటీజీ దాదాపు అర మిల్లీమీటరు కుంచించుకుంటుంది, స్టీల్ మాత్రం 0.1 మిల్లీమీటరే. ఆ తేడాయే ప్రింట్‌ను ప్లేట్ నుంచి విడదీస్తుంది. చల్లారేటప్పుడు వినిపించే టిక్ టిక్ చప్పుడు అదే. వేడిగా ఉండగానే వంచితే ఆ సాయం అందదు, బలమంతా ఒక మూల మీద పడి కోటింగ్‌ను పైకి లాగుతుంది. ఆ ట్రే అడుగున ప్లేట్ రంగు పొలుసులు అతుక్కుని వచ్చాయి, ప్లేట్ మీద వాటికి సరిపోయే చోట్ల మెరిసే స్టీల్ కనిపించింది.

అప్పటి నుంచి పెద్ద అడుగున్న పీఈటీజీ ప్రింట్‌కు నా పద్ధతి ఇది. పీఎల్‌ఏకి పెట్టుకున్న ఎత్తు కంటే నాజిల్‌ను 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్లు పైకి లేపుతాను. బెడ్‌ను 70కి మించనివ్వను. గ్లూ స్టిక్‌ను పలుచగా రాసి తడి గుడ్డతో సమంగా పరుస్తాను. పీఎల్‌ఏ కోసం చాలామంది దీన్ని పట్టు పెరగడానికి రాస్తారు, ఇక్కడ మాత్రం పట్టు తగ్గించడానికే. గ్లూ నీటిలో కరుగుతుంది కాబట్టి తర్వాత కడిగేస్తే పోతుంది. ప్లేట్‌ను తీసి పక్కన పెట్టి, చేతికి చల్లగా తగిలేదాకా ముట్టను. టీపీయూకి కూడా ఇదే జాగ్రత్త పాటిస్తున్నాను, అదీ ఇలాగే మొండిగా పట్టుకుంటుంది.

ప్లేట్ మీద మచ్చ కనిపించగానే టెన్షన్ పడనక్కర్లేదు. గోటితో తడమండి. ఎత్తుగా తగిలితే అది మిగిలిపోయిన పీఈటీజీ. దాన్ని గీకవద్దు. దాని మీదే ఒక పలుచని పీఈటీజీ ముక్క ప్రింట్ చేసి, పూర్తిగా చల్లారాక తీస్తే చాలాసార్లు పాతదాన్ని కూడా పట్టుకొచ్చేస్తుంది. లోతుగా తగిలి లోహం మెరుస్తుంటే కోటింగ్ పోయినట్టే. దాన్ని ఇంట్లో తిరిగి వేసుకునే మార్గం లేదు. రెండు వైపులా కోటింగ్ ఉన్న ప్లేట్ అయితే తిప్పి వాడుకోవచ్చు. లేదంటే ఆ చోటు తప్పించి ప్రింట్ పెట్టుకోవాలి. దాని మీదే వేస్తే ఆ గుంట ఆకారం వస్తువు అడుగున అచ్చుపడుతుంది.