రైట్స్ ఇష్యూ: డబ్బు కట్టి షేర్లు తీసుకోవడమా, హక్కు అమ్ముకోవడమా, ఏది మేలు?

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లలో చాలామంది తమ షేర్లతో పాటు ఊళ్లో ఉన్న నాన్నగారి డీమ్యాట్ ఖాతా కూడా చూసుకుంటారు. ఒకరోజు ఆ ఖాతాలో, కొనని షేర్లేవో 'ఆర్‌ఈ' అన్న తోకతో కనబడతాయి. అవే రైట్స్ ఎంటైటిల్‌మెంట్లు, అంటే కంపెనీ కొత్తగా జారీ చేసే షేర్లను నిర్ణీత ధరకు కొనుక్కోమని పాత వాటాదారులకు ఇచ్చే హక్కులు. అవి వచ్చాక మూడు దారులుంటాయి: డబ్బు కట్టడం, హక్కు అమ్మడం, ఊరుకోవడం. మూడోది ఎందుకు చెడ్డదో తెలియాలంటే ముందు రైట్స్ ఇష్యూలో షేరు ధర ఎందుకు దిగుతుందో చూడాలి.

ఒక లెక్క వేద్దాం. షేరు ధర 200 రూపాయలు. కంపెనీ ప్రతి 4 షేర్లకు ఒక కొత్త షేరును 150కి ఇస్తానంది. నాలుగు పాత షేర్ల విలువ 800, కొత్తదానికి కట్టేది 150, మొత్తం 950. దాన్ని ఐదు షేర్లకు పంచితే ఒక్కోటి 190. హక్కులు ఎవరికి ఇవ్వాలో తేల్చే రికార్డు తేదీ నాడు కొన్నవాడికి హక్కు రాదు కాబట్టి వాడు 200 ఇవ్వడు, 190 దగ్గరే బేరం మొదలుపెడతాడు. తగ్గిన 10 రూపాయలు గాల్లో కలిసిపోలేదు. నాలుగు షేర్ల మీద తగ్గిన 40 ఒక హక్కు విలువగా మారింది: 190లోంచి 150 తీసేస్తే వచ్చేదీ అదే 40. కొత్త షేరును 150కి బదులు 100కే ఇస్తే లాభమనుకోకండి. అప్పుడు షేరు 180కి దిగుతుంది, హక్కు 80కి పెరుగుతుంది. మీ మొత్తం మారదు.

నాన్నగారి దగ్గర 400 షేర్లున్నాయి, అంటే 80,000 రూపాయలు. ఆయనకు 100 హక్కులు వస్తాయి. 15,000 కడితే 500 షేర్లు, 95,000. కట్టింది తీసేస్తే పాత 80,000. హక్కులు అమ్మితే 76,000 విలువైన షేర్లు, 4,000 నగదు, మళ్లీ 80,000. ఏమీ చేయకపోతే ఇష్యూ ముగిసే రోజుకు హక్కులు రద్దవుతాయి, మిగిలేది 76,000. అంటే ఊరకే ఉన్నందుకు 4,000 పోయినట్టు.

చేతిలో డబ్బు లేకపోయినా కంపెనీ మీద నమ్మకముంటే మధ్యేమార్గం ఒకటుంది. 79 హక్కులు 40 చొప్పున అమ్మితే 3,160 వస్తుంది. మిగిలిన 21 హక్కులకు 3,150 చాలు. జేబులోంచి పైసా పెట్టకుండా 421 షేర్లవుతాయి.

కాబట్టి కట్టాలా అమ్మాలా అన్నది ఆ కంపెనీలో ఇంకో 15,000 పెట్టాలని ఉందా లేదా అన్న దాని మీదే ఆధారపడుతుంది. అప్పులు తీర్చడానికే డబ్బు అడుగుతోందా, కొత్త ప్లాంటు కోసమా అన్నది ఇష్యూ వివరాలతో కంపెనీ ఇచ్చే లెటర్ ఆఫ్ ఆఫర్‌లో ఉంటుంది, అది తప్పకుండా చదవండి. అమ్మేవాళ్లు పన్ను కూడా లెక్కలోకి తీసుకోవాలి: హక్కు కొన్న ధర సున్నాగా లెక్కిస్తారు కనుక వచ్చిన 4,000 మొత్తం మూలధన లాభమే. తక్కువ మొత్తాల్లో బ్రోకరేజీ, డీమ్యాట్ ఛార్జీలు కూడా కొరుకుతాయి.

కట్టే ముందు, అమ్మే ముందు ఆ రోజు ధరలు చూడండి. షేరు 190 దగ్గరుండి హక్కు 46 పలుకుతుంటే, 46, 150 కలిపితే 196. హక్కు అమ్మేసి మార్కెట్లో షేరు కొనుక్కోవడమే చవక. షేరు 150 కంటే కిందికి పడితే హక్కుకు దాదాపు విలువ ఉండదు, అప్పుడు రైట్స్‌లో కట్టడం దండగ. హక్కునే తక్కువ ధర షేరు అనుకుని మార్కెట్లో కొనేవాళ్లుంటారు. కొన్నాక మళ్లీ 150 కట్టి దరఖాస్తు చేయకపోతే ఆ డబ్బంతా పోతుంది.

దరఖాస్తు ఏఎస్‌బీఏ పద్ధతిలో బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో గానీ, బ్రాంచిలో ఫారం ఇచ్చి గానీ చేయాలి. డబ్బు ఖాతాలోనే బ్లాక్ అయి, కేటాయింపు జరిగాకే కదులుతుంది. ఇక్కడే పిల్లలు పొరబడతారు: డీమ్యాట్ నాన్నగారిదైతే బ్యాంకు ఖాతా కూడా ఆయనదే అయ్యుండాలి. బెంగళూరులో ఉన్న కొడుకు తన ఖాతా నుంచి కడితే దరఖాస్తు తిరస్కరిస్తారు, అది తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ముందే ఆయన ఖాతాకు డబ్బు పంపి, అక్కణ్నుంచి చేయించండి.

అమ్మదలిస్తే ఇంకా తొందరపడాలి. హక్కుల ట్రేడింగ్ ఇష్యూ ముగియడానికి కొన్ని పనిదినాల ముందే ఆగిపోతుంది, రెండు తేదీలూ లెటర్ ఆఫ్ ఆఫర్‌లో విడివిడిగా ఉంటాయి. అలాగే మొత్తం ఒకేసారి కట్టాలా, విడతలుగానా చూసుకోండి. 2020లో రిలయన్స్ 1,257 రూపాయల రైట్స్ షేరుకు దరఖాస్తుతో పావు వంతు, 314.25 మాత్రమే తీసుకుంది, మిగతాది 2021లో రెండు విడతల్లో అడిగింది. అలాంటి ఇష్యూలో చేరితే తర్వాతి విడతలు కట్టమని వచ్చే కాల్ నోటీసులకు కూడా డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోవాలి.