డిఫాల్ట్ డిస్క్రిప్షన్‌లో మిగిలిపోయిన ఒక ఫోన్ నంబర్

యూట్యూబ్ స్టూడియోలో Upload defaults అనే సౌకర్యాన్ని మూడేళ్లుగా వాడుతున్నాను. మొదటి ఏడాది దాన్ని కనిపించినవాళ్లందరి దగ్గరా పొగిడాను. ఇప్పుడు కూడా వాడుతున్నాను గానీ, ఆ పొగడ్తలో సగం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకో చెబుతాను.

నాది విజయనగరం. బళ్లో పాఠాలు చెబుతాను, సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్లకెళ్లి తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి జానపద కళల వీడియోలు తీస్తాను. ఒక రాత్రి ఆట చూసి వస్తే ఆరేడు ముక్కలు అప్‌లోడ్ చేయాల్సి ఉంటుంది. ప్రతిదానికీ కింద అదే పరిచయం, అవే ట్యాగులు టైపు చేసి చేసి విసుగొచ్చిన రోజుల్లో ఈ సెట్టింగు కంటపడింది. కంప్యూటర్లో స్టూడియో తెరిచి, ఎడమవైపు అడుగున Settings నొక్కి, Upload defaults లోకి వెళ్లి డిస్క్రిప్షన్, ట్యాగులు, ఎవరికి కనిపించాలన్నదీ ఒకసారి నింపి పెడితే చాలు. తర్వాత ఏ వీడియో ఎక్కించినా అవి ముందే నిండి వస్తాయి, కావలసినచోట మనం మార్చుకోవచ్చు. ఆ వారం నిజంగా పండగే. గంట పట్టే పని పది నిమిషాలకు దిగింది.

అసలు కథ సంక్రాంతి ముందు మొదలైంది. చీపురుపల్లి వైపు నుంచి ఒక తప్పెటగుళ్ళ గురువుగారు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు గానీ గొంతులో నొప్పి తెలుస్తోంది. "మాస్టారూ, మా ఆట సూసినోల్లు ఆల్లకి ఫోన్ సేత్తన్నారట. మాం గెంతినాం, బేరం ఆల్లది. ఏటిది బాబూ?" నాకు అర్థం కాలేదు. ఆయన బృందం వీడియో తెరిచి కిందికి చూశాను. "ప్రదర్శనలకు సంప్రదించండి" అని ఒక నంబరు ఉంది. అది ఆయనది కాదు, గజపతినగరం వైపు బృందానిది.

జరిగింది ఇది. డిఫాల్ట్ డిస్క్రిప్షన్ మొదటిసారి రాసిననాడు నా చేతిలో ఉన్నవన్నీ గజపతినగరం వాళ్ల వీడియోలే. వాళ్ల పెద్దాయన అడిగితే నంబరు కూడా అందులోనే పెట్టాను. తర్వాత వేరే ఊళ్లకు తిరగడం మొదలుపెట్టాను. అప్‌లోడ్ చేసేటప్పుడు పైన శీర్షిక మారుస్తాను, రెండు వాక్యాలు రాస్తాను, కిందికి దిగి చూడను. ముందే నిండి ఉన్న పెట్టెను ఎవరు చదువుతారు? ఖాళీగా ఉంటే కళ్లు అక్కడ ఆగేవి.

వెంటనే సెట్టింగులోంచి ఆ వరుస తీసేశాను. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. డిఫాల్ట్ మార్చితే ఇకముందు ఎక్కించేవాటికే మారుతుంది, పాతవాటిని అది తాకదు. కాబట్టి పాతవి విడిగా దిద్దాలి. స్టూడియోలో Content పేజీలో ఫిల్టర్ నొక్కి, Description ఎంచుకుని, ఆ నంబరు కొట్టాను. ముప్పై నాలుగు వీడియోలు వచ్చాయి. అందులో పన్నెండు నిజంగా గజపతినగరం వాళ్లవే, వాటిని వదిలేయాలి. మిగిలిన ఇరవై రెండింటికి టిక్కులు పెట్టి, Edit నొక్కి, Description కింద Find and replace ఎంచుకున్నాను. వెతకాల్సిన చోట ఆ వరుస పెట్టాను, బదులు పెట్టాల్సిన చోట ఇలా రాశాను: "బృందం వివరాలు పై వరుసలో". ఈ మార్పును వెనక్కి తీసుకోలేమన్న హెచ్చరికకు ఒప్పుకోమని అడుగుతుంది. ఒప్పుకునే ముందు ఆ పన్నెండింట్లో ఏదైనా కలిసిందేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. రెండు మూడు నిమిషాల్లో అన్నీ మారిపోయాయి. ఆ రాత్రి మళ్లీ ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుట్టింది.

వారం తిరక్కుండానే గురువుగారు మళ్లీ ఫోన్. "ఇంకా ఉన్నాది మాస్టారూ." కొత్తగా ఎక్కించిన వీడియోలోనే ఉంది. సెట్టింగులో తీసేసిన నంబరు కొత్త వీడియోలోకి ఎలా వచ్చింది? ఒక పూట బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి ఆధారం నంబరులోనే దొరికింది. డిఫాల్ట్‌లో నేను రాసిన నంబరుకు మధ్యలో ఖాళీ లేదు, పది అంకెలూ ఒకే వరుస. ఈ వీడియోలో ఉన్నదానికి ఐదు అంకెల తర్వాత ఒక ఖాళీ ఉంది. అంటే ఇది డిఫాల్ట్ నుంచి రాలేదు. ఎప్పుడో ఒక వీడియోలో చదవడానికి వీలుగా ఉంటుందని చేత్తో ఖాళీ పెట్టాను. ఆ వీడియోను ఆధారం చేసుకుని తర్వాతివి కొన్ని Reuse details తో నింపాను.

ఈ Reuse details అన్నది అప్‌లోడ్ కిటికీలోనే ఉంటుంది. నొక్కితే మన పాత వీడియోలు చూపిస్తుంది, ఒకటి ఎంచుకుంటే దాని వివరాలు కొత్తదానిలోకి వచ్చేస్తాయి. పండగ సీజన్లో ఒకే ఆట ముక్కలు వరుసగా పెట్టేటప్పుడు బాగా పనికొస్తుంది. కానీ డిఫాల్ట్ తెచ్చిపెట్టిన మంచి వచనం స్థానంలో పాత వీడియో వచనం కూర్చుంటుంది. పాతదానిలో తప్పుంటే అదీ వెంట వస్తుంది. నేను కుళాయి కట్టేసి, నీళ్లు ఇంకా ఎక్కడినుంచి కారుతున్నాయని చూస్తున్నాను. పెరట్లో రెండో కుళాయి ఉందన్న సంగతి మర్చిపోయాను. ఖాళీ ఉన్న నంబరుతో మళ్లీ ఫిల్టర్ చేస్తే ఏడు వీడియోలు దొరికాయి. మొదటిసారి అవి దొరకలేదు, ఎందుకంటే నేను వెతికింది ఖాళీ లేని రూపాన్ని. మార్చే పని కూడా అంతే, మనం ఇచ్చిన రూపం అచ్చుగుద్దినట్టు ఉంటేనే చేస్తుంది.

ఆ తర్వాత నా డిఫాల్ట్‌ను మొత్తం తిరగరాశాను. నియమం ఒకటే పెట్టుకున్నాను: ప్రతి వీడియోకీ నిజమయ్యేది మాత్రమే అందులో ఉండాలి. మారేదేదైనా ఉంటే దాని స్థానంలో కంటికి గుచ్చుకునే గుర్తు ఉండాలి. ఆ గుర్తును మొదట ఊరిపేరుకు రెండువైపులా < > పెట్టి రాశాను. యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో ఆ రెండు గుర్తులనూ ఒప్పుకోదు. అందుకే ఎవరూ మామూలుగా రాయని, ఖాళీ లేకుండా అతికించిన మాటను పెట్టాను. ఇప్పుడు నా డిఫాల్ట్ ఇలా ఉంటుంది:

```
ఊరిపేరురాయి | బృందంపేరురాయి | తేదీరాయి

బృందాన్ని పిలవాలంటే: నంబరురాయి

ఉత్తరాంధ్ర జానపద కళల వీడియోలు.
కళాకారుల అనుమతితో చిత్రీకరించినవి.
```

మొదటి వరుస పైనే ఉండటానికి కారణం ఉంది. డిస్క్రిప్షన్‌లో పూర్తిగా తెరవకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. ఇంతకుముందు నేను అక్కడ "నమస్కారం, మా ఛానెల్‌కు స్వాగతం" అని పెట్టాను. దాంతో మా వీడియోలు ఏవి వెతికినా కింద అదే నమస్కారం కనిపించేది. ఏ ఊరో ఏ ఆటో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ చోటు వీడియోకు సొంతం, డిఫాల్ట్ సరుకంతా అడుగున.

నింపడం మర్చిపోతే పట్టుకోవడమూ తేలికైంది. నెలకోసారి Content పేజీలో Description ఫిల్టర్‌కు "ఊరిపేరురాయి" ఇస్తాను. ఏదైనా వస్తే అది నేను వదిలేసిన వీడియో. పోయిన నెల మూడు వచ్చాయి. ఇంకో జాగ్రత్త, ఎవరికి కనిపించాలన్నదాన్ని డిఫాల్ట్‌లో Private అని పెట్టాను. అన్నీ దిద్దాకే చేత్తో Public చేస్తాను. ఈ ఒక్కటి మొదటినుంచీ చేసి ఉంటే గురువుగారి ఫోన్ వచ్చేది కాదేమో.

ట్యాగుల సంగతి చెప్పాలి. మొదట్లో ఐదువందల అక్షరాల హద్దు నిండేదాకా డిఫాల్ట్‌లోనే కుక్కాను. తెలుగులో ఆ హద్దు తొందరగా నిండుతుంది. తప్పెటగుళ్ళు అన్న మాట కంటికి ఐదు అక్షరాలే గానీ వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి పన్నెండు అవుతుంది. తప్పెటగుళ్ళు, తప్పెటగుళ్లు, తప్పెట గుళ్ళు, ఇంగ్లీషు అక్షరాల్లో మరో నాలుగు రకాలు, అన్నీ డిఫాల్ట్‌లో పడేశాను. ఇలా రకరకాలుగా రాసే మాటలకు ట్యాగులు కొంత పనికొస్తాయి, మిగతా విషయాల్లో వాటి పాత్ర చాలా తక్కువని యూట్యూబ్ వాళ్లే చెబుతారు. సమస్య ఏమిటంటే జముకుల కథ వీడియోకు కూడా ఈ తప్పెటగుళ్ళన్నీ అంటుకున్నాయి. వీడియోలో లేనిదాన్ని ట్యాగులో పెట్టడం చూసేవాళ్లను దారి తప్పించడమే. ఛానెల్ మొత్తానికి డిఫాల్ట్ ఒక్కటే, ఆటకొకటి పెట్టుకునే వీలు లేదు. అందుకని డిఫాల్ట్ ట్యాగుల్లో ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం, ఉత్తరాంధ్ర జానపదం, ఈ మూడే ఉంచాను. తప్పెటగుళ్ళకొక గుంపు, జముకుల కథకొక గుంపు ఫోన్‌లో నోట్స్‌గా ఉన్నాయి. కామాలతో రాసి పెట్టుకున్నాను కాబట్టి అతికిస్తే ట్యాగులుగా విడిపోతాయి.

ఇక నా అసలు చిరాకు. జాతర దగ్గర నుంచి ఫోన్ యాప్‌తో ఎక్కించే వీడియోలకు ఈ డిఫాల్ట్ వర్తించదు. కంప్యూటర్ బ్రౌజర్లో ఎక్కించేవాటికే. ఇది వాళ్ల సహాయ పేజీలో రాసే ఉంది, చదవనిది నేను. ఏడాది పాటు "అప్పుడప్పుడూ ఎందుకో పనిచేయదు" అనుకుంటూ గడిపాను. చూస్తే పనిచేయనివన్నీ సైకిలు స్టాండు పక్కన నిలబడి ఫోన్‌లోంచి ఎక్కించినవే. ఇప్పుడు ఫోన్‌లోంచి Private గా ఎక్కించి వదిలేస్తాను. ఇంటికొచ్చాక వాటిని ఒకేసారి టిక్ పెట్టి, డిస్క్రిప్షన్ చివర చేర్చే ఎంపికతో అడుగు వచనం, ట్యాగులకు ఆ ఆట గుంపు కలుపుతాను. పై వరుస మాత్రం ఒక్కోదానికీ విడిగా రాయాల్సిందే.

కొనసాగించమంటానా అంటే, నాలాగా ఇంట్లో కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఒకే రకం వీడియోలు గుంపుగా ఎక్కించేవాళ్లకు తప్పకుండా పనికొస్తుంది. మా మేనల్లుడు పలాస దగ్గర జీడిపప్పు వ్యాపారం గురించి చిన్న చిన్న వీడియోలు పెడతాడు, అన్నీ ఫోన్‌లోంచే. వాడికి ఇది దండగ, నోట్స్‌లో ఒక ముక్క రాసి పెట్టుకుని అతికించుకుంటే సరిపోతుందని చెప్పాను. నాకు మాత్రం ఇప్పుడు అడుగున నాలుగు వరుసలు రాయకుండా మిగిలే సమయం ఉంది. అది పై వరుస సరిగా రాయడానికి పోతోంది.

చీపురుపల్లి గురువుగారి వీడియోల్లో ఇప్పుడు ఆయన నంబరే ఉంది. సంక్రాంతి తర్వాత కలిస్తే, "ఆ గజపతినగరపోల్ల నంబరు పోయిందా లేదా, మా మనవడిసేత సూపించుకున్నాను లెండి" అన్నారు. అంటే నా మీద ఇంకా పూర్తిగా నమ్మకం రాలేదన్నమాట.